కిచెన్‌లోనే ఉంటే మేనేజర్ అవ్వగలనా?

ప్రశ్న: అక్కా నమస్తే. నాది గోపాలపట్నం, వయసు 22. ఇంటర్ అయ్యాక ఫుడ్ ప్రొడక్షన్‌లో డిప్లొమా చేసి, బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్లో కామీ త్రీగా, అంటే కిచెన్ మెట్లలో అన్నిటికంటే అడుగు పోస్టులో, చేరాను, ఏడాదిన్నర అయింది. ఇండియన్ సెక్షన్‌లో వేశారు. చేతికి 14 వేలు వస్తున్నాయి. ఉల్లిపాయలు కొయ్యడం, రొయ్యలు ఒలవడంతోనే రోజంతా అయిపోతోంది. అమ్మేమో ఫ్రంట్ ఆఫీస్‌కి మారిపో, నీట్‌గా కౌంటర్లో నిలబడేవాళ్లే మేనేజర్లు అవుతారు అంటోంది. ఇంకోపక్క ఒక ఏజెంటు లక్షన్నర కడితే క్రూయిజ్ షిప్‌లో పని ఇప్పిస్తానంటున్నాడు. కిచెన్‌లోనే ఉంటే నేను ఎప్పటికైనా మేనేజ్‌మెంట్ దాకా వెళ్తానా? వెళ్లాలంటే ఏం చెయ్యాలి?

జవాబు:

ముందు ఆ ఏజెంటు సంగతి తేల్చేద్దాం చెల్లీ, ఎందుకంటే మిగతావన్నీ ఆగుతాయి గానీ డబ్బులు కట్టేశాక అది మాత్రం వెనక్కి రాదు. ఓడ మీద ఉద్యోగం ఇప్పించినందుకు పనివాళ్ల దగ్గర ఫీజు తీసుకోకూడదని అంతర్జాతీయ రూలు ఉంది, మన దేశం కూడా దానికి ఒప్పుకుంది. నీ జేబులోంచి అయ్యేవి వేరే ఉంటాయి, పాస్‌పోర్టు, మెడికల్, ఓడ పనివాళ్ల గుర్తింపు పుస్తకం సీడీసీ, ఓడెక్కే ముందు చెయ్యాల్సిన ఎస్‌టీసీడబ్ల్యూ సేఫ్టీ కోర్సులు, ఇవి నువ్వే కట్టుకోవాలి, రసీదులు కూడా ఇస్తారు. కానీ "సీటు" కోసం లక్షన్నర అంటే మాత్రం లేచి వచ్చెయ్. ఓడలకి మనుషుల్ని పంపే కంపెనీకి కేంద్ర ప్రభుత్వ నౌకారవాణా శాఖ డీజీ షిప్పింగ్ వాళ్లిచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ ఉండాలి, ఆ నంబర్ అడుగు, అడిగిన రోజే అతని మాట తీరు మారిపోతే నీకు జవాబు దొరికినట్టే. నంబర్ చెప్తే డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూసుకో, లిస్టులో ఉండాలి.

ఓడ అసలు వద్దే వద్దని అనట్లేదు నేను. ఇప్పుడు వద్దంటున్నా. కామీ త్రీగా వెళ్తే అక్కడ కూడా ఇదే పని, కాకపోతే వేల మందికి. ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు, వారానికి సెలవంటూ ఉండదు, ఒకే స్టేషన్‌లో నిలబెట్టేస్తారు, కాంట్రాక్టు అంతా సలాడ్లే చేసిన పిల్లలు నాకు తెలుసు. డబ్బు మిగులుతుంది, అది నిజం. కానీ తిరిగొచ్చి ఇక్కడ హోటల్లో చేరితే చాలాసార్లు ఒక మెట్టు కిందే ఇస్తారు, ఎందుకంటే అక్కడ స్టోరూ, ఖర్చులు లెక్కగట్టే కాస్టింగూ, పెద్ద విందుల బాంక్వెట్లూ ఏవీ నీ చేతిలోకి రావు. సీడీపీ, అంటే ఒక సెక్షన్ మొత్తానికి బాధ్యుడైన షెఫ్, అయ్యాక వెళ్లావనుకో, అప్పుడు వెళ్లే పోస్టే వేరు, వచ్చాక లెక్కా వేరు.

ఇక అసలు ప్రశ్న. కిచెన్ నుంచి మేనేజ్‌మెంట్‌కి దారి ఉంది, కానీ అందరూ అనుకున్నట్టు "బాగా వండితే పైకి తీసుకుపోతారు" అన్నది సగం దూరం వరకే నిజం. మెట్లు నీకు తెలిసినవే, కామీ త్రీ, టూ, వన్, తర్వాత సీడీపీ కింద సహాయంగా ఉండే డీసీడీపీ, సీడీపీ, జూనియర్ సూ షెఫ్, సూ షెఫ్, ఎగ్జిక్యూటివ్ సూ షెఫ్, ఎగ్జిక్యూటివ్ షెఫ్. ఇందులో కామీ వన్ దాకా నీ చెయ్యి చూస్తారు, అంటే స్పీడు, శుభ్రం, లీవుల సంగతి. డీసీడీపీ, సీడీపీ దగ్గర నీ సెక్షన్ చూస్తారు, నువ్వు లేని రోజు కూడా ఆ గ్రేవీ అదే రుచిలో వస్తోందా అని. సూ షెఫ్ దగ్గరికి వచ్చేసరికి చూసేది డబ్బు లెక్క, మనుషులు. మామూలుగా కామీగా చేరినవాళ్లు సీడీపీ అవ్వడానికి నాలుగైదేళ్లు, కొందరికి ఆరేళ్లూ పడుతుంది, పైన ఖాళీ ఉంటేనే సుమా. అందుకే కొత్త హోటల్ తెరిచేటప్పుడు మనవాళ్లందరూ అటు పరిగెడతారు, తెరవకముందే చేరే టీమ్‌లో ఒక మెట్టు పైన దొరుకుతుంది గనక.

నేను చూసినంతలో జనం ఇరుక్కుపోయేది సీడీపీ దగ్గరే. చేతిలో మంచి రుచి ఉంటుంది, పదేళ్లు అదే పోస్టు, వాళ్లకంటే వెనకాల వచ్చిన కుర్రాడు సూ షెఫ్ అయిపోతాడు, అప్పుడు "రికమండేషన్ ఉంది వాడికి" అనుకుంటారు. ఉండొచ్చు కూడా, కాదనను. కానీ చాలాసార్లు ఆ కుర్రాడికి వచ్చిందీ వీళ్లకి రానిదీ ఒకటే, నెలాఖరున ఫుడ్ కాస్ట్ ఎందుకు పెరిగిందని జనరల్ మేనేజర్ అడిగితే కాయితం మీద చూపించి చెప్పగలగడం. అది నేర్చుకోవడానికి నువ్వు సీడీపీ అయ్యేదాకా ఆగక్కర్లేదు, నువ్వు విసుక్కుంటూ ఒలుస్తున్న ఆ రొయ్యల దగ్గరే మొదలెట్టొచ్చు, నిజంగా చెప్తున్నా, రొయ్యల కంటే మంచి పాఠం ఇంకోటి లేదు.

లెక్క చూడు. తలతో ఉన్న రొయ్యలు కేజీ 400 అనుకుందాం (రేటు రోజూ మారుతుంది, లెక్క కోసం గుండుగుత్తగా వేస్తున్నా). తల, పొట్టు, నరం తీసేస్తే చేతికి దాదాపు సగమే మిగులుతుంది, అంటే కేజీకి ఐదొందల గ్రాములు. అంటే ఒలిచిన రొయ్య నీ హోటల్‌కి పడ్డ రేటు కేజీ 800, 400 కాదు. ఈ సగం అనే దాన్నే మనం యీల్డ్ అంటాం. రెసిపీ కార్డులో రొయ్యల వేపుడుకి 180 గ్రాములు రాసి ఉందనుకో, రొయ్యకే 144 రూపాయలు, నూనె, మసాలా, కరివేపాకు, పక్కన పెట్టే నిమ్మచెక్కా ఉల్లీ అన్నీ కలిపి ఇంకో 26 వేసుకో, ప్లేటు ఖర్చు 170. మెనూలో ట్యాక్స్ కాకుండా 525 పెట్టారు. 170ని 525తో భాగిస్తే సుమారు 32 శాతం. హోటల్ వాళ్లు మామూలుగా 30, 33 చుట్టూ ఉండాలని చూస్తారు కాబట్టి ఈ ఐటమ్ బాగానే ఉన్నట్టు.

ఇప్పుడు సాయంత్రం రష్‌లో మన కామీ కాటా మీద పెట్టకుండా చేత్తో గుప్పెడు తీసి కడాయిలో వేశాడు. చెయ్యి పెద్దది, 220 గ్రాములు పడ్డాయి. రొయ్య ఖర్చు 176 అయింది, ప్లేటు 202, శాతం 38 దాటింది. ఒక్క ప్లేటుకి 32 రూపాయలే కదా అనిపిస్తుంది, రోజుకి 20 ప్లేట్లు పోతే 640, నెలకి 19 వేల పైన. అంటే నీ జీతం కంటే ఎక్కువ, ఒక్క ఐటమ్‌లో, ఎవరూ దొంగతనం చెయ్యకుండా. గెస్టు కూడా దానికి ప్రత్యేకంగా సంతోషపడడు, పైగా వచ్చే వారం వేరేవాడు 180 వేస్తే "పోయినసారి ఎక్కువ ఉండేది" అని కంప్లయింట్ ఒకటి.

కాబట్టి మొదటి పని ఏటంటే, రేపట్నుంచి నువ్వు ఒలిచే రొయ్యలకి చిన్న నోట్‌బుక్ పెట్టు. తేదీ, సప్లయరు పేరు, రొయ్య సైజు, స్టోర్ నుంచి తీసుకున్న బరువు, ఒలిచాక బరువు, అంతే ఐదు గళ్లు. తీసుకునేటప్పుడు ఐసు, నీళ్లు వంపేసి తూకం వెయ్, లేకపోతే నీళ్లకి కూడా డబ్బు కట్టినట్టు, నీ లెక్కా తప్పుతుంది. నెల తిరిగేసరికి నీకు తెలిసిపోతుంది ఏ సైజు రొయ్యకి ఎంత మిగులుతోంది, ఏ సప్లయరు సరుకు ఐదొందలు ఇస్తోంది, ఏది 450 దగ్గరే ఆగిపోతోంది. కేజీకి పది రూపాయలు తక్కువ కోట్ చేసినవాడి సరుకు ఒలిచాక ఖరీదు పడటం నువ్వే చూస్తావు, ఆ మాట షెఫ్‌కి అంకెలతో చెప్పిన కామీ త్రీని ఆయన మర్చిపోడు.

రెండో మెట్టు నెలాఖరు లెక్క. దీన్ని నీకు ఇప్పుడు ఎవరూ చూపించరు, అడిగి చూడాలి. ఎలా చేస్తారంటే, నెల మొదట్లో స్టోర్‌లోనూ కిచెన్‌లోనూ ఉన్న సరుకు విలువకి నెలంతా కొన్నది కలిపి, నెలాఖరున మిగిలింది తీసేస్తారు. ఉదాహరణకి మొదట్లో 3,80,000 సరుకు ఉంది, 11,40,000 కొన్నారు, చివర్లో 3,50,000 మిగిలింది. అంటే వాడింది 11,70,000. ఇందులో స్టాఫ్ భోజనాలకి 90,000, కాంప్లిమెంటరీగా పంపినవి 30,000 తీసేస్తే 10,50,000. ఆ నెల ఫుడ్ సేల్స్ 31,00,000 అయితే ఫుడ్ కాస్ట్ దాదాపు 34 శాతం. ఇక్కడిదాకా అకౌంట్స్ వాళ్లే చేసేస్తారు. దీని తర్వాతది కిచెన్ వాళ్లు చెయ్యాలి, అమ్మిన ప్లేట్లన్నిటికీ రెసిపీ కార్డుల ప్రకారం ఎంత అవ్వాలి అని. అది 31 శాతం, అంటే 9,61,000 వచ్చిందనుకో, అయితే 89,000 ఎక్కడికో పోయింది. ఈ 89,000 ఎక్కడికి పోయిందో వెతకడమే సూ షెఫ్ ఉద్యోగంలో పెద్ద భాగం, టీవీలో చూపించరు గానీ.

వెతకడం అంటే మొత్తం కిచెన్ మీద అరవడం కాదు, ఖరీదైన ఐటమ్ ఒకటి పట్టుకుని దాని వెనకాల పోవడం. మళ్లీ రొయ్యలే తీసుకో. నెలలో 240 కేజీలు వచ్చాయి, మొదట్లో ఉన్నదీ చివర్లో మిగిలిందీ సమానం అనుకుందాం. సగం లెక్కన 120 కేజీల ఒలిచిన రొయ్య ఉండాలి. కిచెన్‌కి వచ్చే ఆర్డర్ చీటీలు, అంటే కేవోటీలు, లెక్కపెడితే 580 ప్లేట్లు అమ్ముడయ్యాయి, ప్లేటుకి 180 చొప్పున 104 కేజీల 400 గ్రాములు. తేడా 15 కేజీల 600, డబ్బుల్లో 12,480. ఇప్పుడు ఎక్కడ పోయిందో ఎలా తెలుస్తుంది? ఎవరికీ చెప్పకుండా ఒక రాత్రి సర్వీసులో కడాయిలో పడబోయే పది పోర్షన్లు కాటా మీద పెట్టి చూడు. సగటు 207 గ్రాముల దగ్గర వస్తే మొత్తం తేడా పోర్షన్‌లోనే ఉంది, స్కూపో డిజిటల్ కాటానో పెట్టి రష్‌కి ముందే పోర్షన్లు కట్టి కవర్లలో ఉంచితే ఆగిపోతుంది. సగటు సరిగ్గా 180 వస్తే కడాయి దగ్గర తప్పు లేదు, వెనక్కి వెళ్లు, రిసీవింగ్‌లో తూకం నీళ్లతో వేస్తున్నారా, ఒలిచేటప్పుడు సగం బదులు నలభై మూడు, నలభై నాలుగు శాతమే మిగులుతోందా అని. అదీ బాగుంటే అప్పుడు మిగిలేవి కేవోటీ లేకుండా బయటికి వెళ్లిన ప్లేట్లు, బఫే రీఫిల్స్, రాసుకోకుండా పారేసినవి. ఈ వరసలో వెతికితే ఎవర్నీ అనుమానించకుండానే దొరుకుతుంది, అనుమానంతో మొదలెడితే టీమ్ మొత్తం నీకు ఎదురు తిరుగుతుంది.

వైజాగ్‌లో ఇంకో తలనొప్పి, అదే మన పాఠం కూడా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. హార్బర్‌లో వంజరం, చందువా తగ్గిపోయి రేటు ఎగిరిపోతుంది, మెనూ కార్డు మీద రేటు మాత్రం అచ్చేసిందే ఉంటుంది. చేతితో వండే మనిషి ఆ రెండు నెలలూ "సరుకు రావట్లేదు షెఫ్" అంటాడు. లెక్క తెలిసినవాడు మార్చిలోనే కూర్చుని చెరువు రొయ్యల ఐటమ్స్ రెండు పెంచి, వంజరం తవా ఫ్రైని మెనూలోంచి తీసి ఆ రోజు స్పెషల్ కింద ఆ రోజు రేటుకి పెడదాం అని కాయితం రాసి ఇస్తాడు. సేల్స్ వాళ్లు బాంక్వెట్ మెనూల్లో ఆ రెండు నెలలకి సముద్రం చేప ఒప్పుకోకుండా ముందే చెప్తాడు, ఎందుకంటే పెళ్లివాళ్లకి జనవరిలోనే ప్లేటు రేటు ఫిక్స్ చేసేసి మే ముహూర్తానికి వంజరం పెడతామని మాటిస్తే ఆ నష్టం ఎవరూ పూడ్చలేరు.

బాంక్వెట్ అన్నాను కదా, అక్కడ డ్యూటీ పడితే తప్పించుకోకు. అందరూ తిట్టుకుంటారు గానీ సీడీపీ కాకముందే మేనేజ్‌మెంట్ కనపడే చోటు అదే. ఫంక్షన్ ప్రాస్పెక్టస్ అని ఒక కాయితం వస్తుంది, అందులో గ్యారంటీ 300 అని ఉంటే హోస్టు 260 మందే వచ్చినా 300కి కడతాడు, కిచెన్ మాత్రం ఒక ఐదు, పది శాతం ఎక్కువకి రెడీగా ఉండాలి. అన్నీ 330కి వండేస్తే మిగిలింది వేస్టు, 300కే వండితే పదకొండింటికి బిర్యానీ అయిపోయి పెళ్లికొడుకు మేనమామ కిచెన్ తలుపు దగ్గర నిలబడతాడు. తెలివైన షెఫ్ ఏం చేస్తాడంటే గ్రేవీలు, మారినేషన్లు 330కి తయారుగా ఉంచి, బియ్యం మాత్రం రెండు హండీల్లో వేరు వేరు టైమ్‌కి పెడతాడు, మొదటిది ఎంత వేగంగా ఖాళీ అవుతోందో చూసి రెండోదాని సైజు నిర్ణయిస్తాడు. ఇది పక్కన నిలబడి చూస్తే తప్ప రాదు.

ఇప్పుడు అమ్మ మాట. పూర్తిగా తప్పని అనలేను. జనరల్ మేనేజర్ కుర్చీలోకి వచ్చేవాళ్లు ఎక్కువగా రూమ్స్ వైపు నుంచో, ఫుడ్ అండ్ బెవరేజ్ సర్వీసు వైపు నుంచో వస్తారు, షెఫ్‌లు జీఎం అవ్వడం ఉంది గానీ తక్కువ. ఫ్రంట్ ఆఫీసు నిచ్చెన ఇలా ఉంటుంది, గెస్ట్ సర్వీస్ అసోసియేట్, సూపర్‌వైజర్ లేదా టీమ్ లీడర్, డ్యూటీ మేనేజర్, అసిస్టెంట్ ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్, ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్, తర్వాత హౌస్‌కీపింగ్ కూడా కలిపి చూసే రూమ్స్ డివిజన్ మేనేజర్. నీట్‌గా నిలబడటం అన్నది బయటికి కనపడేది. లోపల నైట్ షిఫ్ట్ ఉంది, రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు, అందులో నైట్ ఆడిట్ అని ఆ రోజు బిల్లులన్నీ సరిచూసి తేదీ మార్చాలి, నెలలో కొన్ని రోజులు అది నీ మీదే పడుతుంది. అమ్మకి ఈ సంగతి కూడా చెప్పు, కిచెన్ డ్యూటీయే కష్టం అనుకుంటోందేమో.

అక్కడా మనిషిని పైకి లాగేది లెక్కే. వంద రూములున్న హోటల్లో నిన్న 85 రూములు 3,600 చొప్పున అమ్మారు, ఇవాళ 70 రూములే 4,500 చొప్పున పోయాయి. కౌంటర్లో కొత్తమ్మాయికి నిన్నే బాగా నడిచినట్టు అనిపిస్తుంది, లాబీ నిండుగా ఉంది మరి. నిన్న వచ్చింది 3,06,000, ఇవాళ 3,15,000. పైగా నిన్న 15 రూముల దుప్పట్లు, టిఫిన్లు ఎక్కువ ఖర్చు. మొత్తం రూములతో భాగించి చూసే ఈ అంకెని రెవ్‌పార్ అంటారు, నిన్న 3,060, ఇవాళ 3,150. మన ఊళ్లో సోమవారం నుంచి గురువారం దాకా స్టీల్ ప్లాంటు, పోర్టు, ఫార్మా పనుల మీద వచ్చే కంపెనీ గెస్టులు, వారాంతం కుటుంబాలు, దసరా సెలవలకి బెంగాల్ నుంచి, చలికాలం అరకు వెళ్లేవాళ్లు, వీళ్లలో ఎవరికి ఏ రేటు చెప్పాలి, ఎవరికి ఎప్పుడు లేదనాలి అన్నది అర్థమైన అమ్మాయి డ్యూటీ మేనేజర్ అవుతుంది. హిందీ గట్టిగా రావాలి, ఇంగ్లీషులో గొడవ పడుతున్న గెస్టుకి ఇంగ్లీషులోనే నవ్వుతూ జవాబు చెప్పగలగాలి, బెంగాలీ నాలుగు ముక్కలు వస్తే మన ఊళ్లో అది బోనస్.

మారాలనుకుంటే మారే టైమ్ మాత్రం ఇదే, ఈ ఏడాదిలోపే. ఎందుకంటే డిపార్ట్‌మెంట్ మారితే అక్కడ అడుగునుంచే మొదలెట్టాలి, కామీ త్రీగా మారితే పోయేది ఏడాదిన్నరే, సీడీపీ అయ్యాక మారితే ఆరేళ్లు పోతాయి, జీతం కూడా వెనక్కి వెళ్తుంది. నీకు నిజంగా మనుషులతో మాట్లాడటం ఇష్టమా, కిచెన్‌లో విసుగు వంటవల్లా లేక ఒలుపుడు పనివల్లా అన్నది నువ్వే తేల్చుకోవాలి. ఒలుపుడు వల్లే అయితే మారకు, అది ఎలాగూ కామీ టూ దగ్గర తగ్గిపోతుంది. ఒక పని చెయ్, హెచ్ఆర్‌ని అడిగి క్రాస్ ట్రైనింగ్ కింద ఒక పదిహేను రోజులు ఫ్రంట్ ఆఫీసులో వేయించుకో, చాలా పెద్ద హోటళ్లలో ఈ ఏర్పాటు ఉంటుంది, సీజన్ లేని నెలలో అడిగితే ఒప్పుకుంటారు. ఒక్క నైట్ షిఫ్ట్ చేసి వచ్చాక నీకే తెలుస్తుంది.

నా మనసులో మాట అడిగితే, నీ ఉత్తరంలో నాకు కనపడింది కిచెన్ మనిషే. వంట అంటే విసుగని ఎక్కడా రాయలేదు నువ్వు, ముందుకి కదలట్లేదన్న బాధే రాశావు. కిచెన్‌లో ఉండి మేనేజ్‌మెంట్‌కి వెళ్లే దారి ఎగ్జిక్యూటివ్ షెఫ్ దగ్గరే ఆగిపోవాలనీ లేదు, లెక్క బాగా వచ్చిన సూ షెఫ్‌లు ఎఫ్ అండ్ బీ మేనేజర్లుగానూ, పెద్ద క్యాటరింగ్ కంపెనీల్లో, ఆస్పత్రుల్లో, ఫ్యాక్టరీ క్యాంటీన్లలో యూనిట్ మేనేజర్లుగానూ వెళ్తున్నారు. అక్కడ రాత్రి డ్యూటీలు కూడా హోటల్‌తో పోలిస్తే తక్కువ.

రెండు కాయితాలు మాత్రం పక్కన పెట్టుకో. ఒకటి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫోస్టాక్ ట్రైనింగ్, ఫుడ్ సేఫ్టీ సూపర్‌వైజర్ సర్టిఫికెట్. ఒక్క రోజులో అయిపోతుంది. ప్రతి పాతిక మంది వంటపనివాళ్లకి ఇలా ట్రైనింగ్ అయిన ఒక సూపర్‌వైజర్ ఉండాలని వాళ్ల నిబంధన, కాబట్టి హోటల్‌కి నీలాంటివాళ్లు కావాలి, షెఫ్‌ని అడిగితే హోటలే పంపొచ్చు. అది ఉంటే ఫ్రిజ్ టెంపరేచర్ లాగ్‌లు, వండింది 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉండకుండా చూసే పని నీకు అప్పజెప్తారు, అది చిన్న పనే గానీ సూపర్‌విజనే. రెండోది డిగ్రీ. ఎగ్జిక్యూటివ్ షెఫ్ దాకా డిప్లొమాతో నడుస్తుంది, దాని పైన చాలా గొలుసు హోటళ్లు డిగ్రీ అడుగుతాయి, అప్పుడు 35 ఏళ్లకి చదవడం కష్టం. ఇగ్నోలో టూరిజం డిగ్రీ దూరవిద్యలో ఉంది, ఉద్యోగం మానక్కర్లేదు, ఇప్పుడే కట్టేసుకో.

షెఫ్‌ని ప్రమోషన్ అడగడానికి వెళ్లేటప్పుడు "ఏడాదిన్నర అయింది షెఫ్" అని వెళ్లకు, ఆ మాట ఆయన వారానికి నలుగురి దగ్గర వింటాడు. మూడు నెలల రొయ్యల నోట్‌బుక్ తీసుకెళ్లు, సర్వీసు అయిపోయాక, ఆయన టీ తాగే టైమ్‌లో. కామీ టూ ఎప్పుడు అని అడుగు, దానికి ఇంకా ఏం రావాలో చెప్పమను, తందూర్‌లోనో బాంక్వెట్‌లోనో ఒక నెల వెయ్యమను. సెక్షన్లు మారకుండా ఒకే చోట మూడేళ్లు ఉంచేస్తామంటే అప్పుడు ఇంకో హోటల్ చూసుకోవడంలో తప్పు లేదు, రుషికొండ వైపు కూడా పెద్ద హోటళ్లున్నాయి, కానీ ఏడాదికోటి మారకు, రెజ్యూమేలో ఎనిమిది నెలలు, ఆరు నెలలు కనపడితే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అదే.

ఇక ఈ నెల ముప్పయ్యో తారీఖు రాత్రి స్టాక్ టేకింగ్ ఉంటుంది మీ హోటల్లో. ఎవరికీ ఇష్టం ఉండదు, డీప్ ఫ్రీజర్‌లో నిలబడి బాక్సులు లెక్కపెట్టాలి, అందుకే వస్తానంటే వద్దనరు. స్వెట్టర్ వేసుకుని వెళ్లు, స్టోర్ అన్న అంకెలు చెప్తుంటే నువ్వు షీట్‌లో రాయి, ఇంటికి వెళ్లే డ్రాప్ బండి ఆ రోజు లేటవుతుందని అమ్మకి ముందే చెప్పు.